తుఫాను వెచ్చని సముద్రం మీదే ఎందుకు పుడుతుంది, దాని తీవ్రతను ఎలా లెక్కిస్తారు: తరచుగా అడిగే ప్రశ్నలు

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల రైతులు, విద్యార్థులు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. మనకు సముద్రం దగ్గరలో లేకపోయినా, అక్టోబరు, నవంబరు నెలల్లో కల్లంలో ఆరబోసిన వడ్లు, చేనులో విచ్చిన పత్తి ఆ సముద్రం తీరును బట్టే దక్కుతాయి లేదా తడిసిపోతాయి. అందుకే ఈ ప్రశ్నలను తుఫాను పుట్టుక నుంచి మన ఊరి వాన దాకా దశలవారీగా కూర్చాము. ఏ జవాబునైనా విడిగా చదువుకోవచ్చు.

## పుట్టుకకు ముందు

మే నెలలో మన నేల సముద్రం కంటే ఎంతో వేడిగా ఉంటుంది కదా, మరి తుఫాను ఇక్కడ ఎందుకు పుట్టదు?

తుఫానుకు కావలసింది ఉత్త వేడి కాదు, నీటి ఆవిరిలో దాగి ఉన్న వేడి. నీరు ఆవిరి కావాలంటే ఎక్కడి నుంచైనా వేడిని తీసుకోక తప్పదు. ఎండాకాలంలో మన ఇళ్లలోని రంజన్ గోడల నుంచి ఊరే నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోవడం వల్లనే ఆ నీళ్లు చల్లబడతాయి. సముద్రం మీద కూడా ఇదే జరుగుతుంది. ఆవిరితో పాటు సముద్రం వేడి గాలిలోకి చేరి, ఆ గాలి పైకి లేచి ఆవిరి తిరిగి నీటి బిందువులుగా మారినప్పుడు, కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఆ వేడి అంతా బయటపడుతుంది. తుఫానును నడిపేది ఆ ఎత్తున బయటపడే వేడే.

మే నెలలో నల్లగొండ నేల 45 డిగ్రీల గాలిని పుట్టించగలదు కానీ, ఎండిన చెలకలో ఆవిరి కావడానికి నీరు ఉండదు. ఆ గాలి పైకి లేచినా పొడిగానే లేస్తుంది, కొంత ఎత్తుకు పోగానే చల్లబడి ఆగిపోతుంది. మహా అయితే సుడిగాలి లేస్తుంది, లేదా ఎక్కడి నుంచో తేమ కలిసి సాయంత్రం ఈదురుగాలితో ఒక జల్లు పడుతుంది. 28 డిగ్రీల సముద్రం మన 45 డిగ్రీల నేల కంటే చల్లగా ఉన్నట్టు అనిపించినా, రోజుల తరబడి, రాత్రింబవళ్లు ఆవిరిని అందించగల శక్తి సముద్రానికే ఉంది.

26.5 డిగ్రీలు అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? 26 డిగ్రీలు ఉంటే తుఫాను రాదా?

ఫిన్లాండ్‌కు చెందిన వాతావరణ శాస్త్రవేత్త ఎరిక్ పాల్మెన్ 1948లో, ఉష్ణమండల తుఫానులు దాదాపు 26 లేదా 27 డిగ్రీల సెల్సియస్ కంటే వెచ్చగా ఉన్న సముద్రాల మీదే పుడుతున్నాయని గమనించారు. తరువాతి పరిశీలనలతో 26.5 అనే అంకె స్థిరపడింది. ఇది తలుపు గడియ వంటి హద్దు కాదు, పరిశీలన వల్ల తేలిన హద్దు. దీని కంటే కొంచెం చల్లని నీటి మీద పుట్టిన తుఫానులు కూడా కొన్ని ఉన్నాయి, కానీ అవి అరుదు.

దీని వెనుక కారణం సముద్రంలో సగమే ఉంది, మిగతా సగం ఆకాశంలో ఉంది. సముద్రం మీది తేమగాలి పైకి లేచేటప్పుడు తన చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉన్నంత సేపే లేస్తుంది. ఉష్ణమండలంలో పైగాలి ఉండే చల్లదనాన్ని బట్టి చూస్తే, నీరు సుమారు 26.5 డిగ్రీలు దాటినప్పుడే ఆ గాలికి 15 కిలోమీటర్ల ఎత్తు దాకా ఆగకుండా ఎగబాకే బలం వస్తుంది. అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 70 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. అంటే తుఫాను సముద్రం దగ్గర వేడిని తీసుకొని ఆ మంచు చలిలో వదిలే ఒక యంత్రం. కింద, పైన ఉన్న ఉష్ణోగ్రతల తేడా ఎంత ఎక్కువైతే అది గాలిగా మార్చుకోగల శక్తి అంత ఎక్కువ. భూమి వేడెక్కితే పైగాలి కూడా వేడెక్కుతుంది కనుక, 26.5 అన్న అంకె కూడా ఎప్పటికీ అక్కడే నిలిచి ఉండేది కాదు.

నీటి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే గాలి మోయగల ఆవిరి దాదాపు 6 నుంచి 7 శాతం పెరుగుతుంది. 27 డిగ్రీల సముద్రానికి, 30 డిగ్రీల సముద్రానికి మధ్య తేడా మూడు డిగ్రీలే అని తేలికగా తీసుకోకూడదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

పైనీళ్లు వెచ్చగా ఉంటే చాలదా? సముద్రం లోతు గురించి ఎందుకు చెబుతారు?

చాలదు. తుఫాను గాలి సముద్రాన్ని చిలుకుతుంది, దానితో లోపలి చల్లని నీరు పైకి వస్తుంది. వెచ్చదనం పై పదో, పదిహేనో మీటర్లకే పరిమితమైతే, తుఫాను తన గాలితోనే తన ఆధారాన్ని పోగొట్టుకుంటుంది. అందుకే కనీసం 50 మీటర్ల లోతు దాకా నీరు వెచ్చగా ఉండాలని వాతావరణ శాస్త్రవేత్తలు అంటారు.

నెమ్మదిగా కదిలే తుఫాను ఒకే చోట సముద్రాన్ని ఎక్కువ సేపు చిలికి బలహీనపడటం, వేగంగా కదిలేది ఎప్పటికప్పుడు కొత్త వెచ్చని నీటి మీదికి చేరి బలపడటం తరచుగా కనిపిస్తుంది. తుఫాను వెళ్లిపోయిన దారిలో సముద్రం కొన్ని రోజుల పాటు చల్లగా ఉండటాన్ని ఉపగ్రహాలు స్పష్టంగా చూపిస్తాయి. వెంటనే మరో తుఫాను అదే దారిలో వస్తే దానికి అంత బలం అందదు. ఈ కారణంగానే అంచనాలు వేసేవారు ఉపరితల ఉష్ణోగ్రతతో పాటు, పై పొరల్లో మొత్తం ఎంత వేడి నిల్వ ఉందో కూడా చూస్తారు.

నాగార్జునసాగర్, శ్రీశైలం అంత పెద్ద జలాశయాలు కదా, వాటి మీద ఎందుకు పుట్టవు?

సాగర్ నిండినప్పుడు దాని విస్తీర్ణం దాదాపు 285 చదరపు కిలోమీటర్లు. ఒక మామూలు తుఫాను మేఘాలు అడ్డంగానే కొన్ని వందల కిలోమీటర్లు పరుచుకుంటాయి, కాబట్టి దాని కింద లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా నీరు ఉంటుంది. జలాశయం అందించే ఆవిరి చుట్టూ ఉన్న పొడిగాలిలో కలిసిపోతుంది. దాని వల్ల ఒడ్డు వెంట గాలిలో తేమ కొంత పెరగవచ్చు, అంతకు మించి ఏమీ జరగదు.

జూలై, ఆగస్టుల్లో కూడా బంగాళాఖాతం వెచ్చగానే ఉంటుంది, అప్పుడు తుఫానులు ఎందుకు రావు?

వెచ్చని నీరు ఉండటం తప్పనిసరి, కానీ అదొక్కటే సరిపోదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం 28 డిగ్రీల దగ్గరే ఉంటుంది, గాలిలో తేమ కూడా పుష్కలంగా ఉంటుంది. కానీ ఆ నెలల్లో ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తున గాలి పడమటి నుంచి వీస్తుంది, దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి వేగంగా వీస్తుంది. ఆ పైగాలి వేగం కొన్నిసార్లు గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది.

తుఫాను నిలబడాలంటే ఆవిరి నుంచి బయటపడిన వేడి కేంద్రం పైనే పోగుపడాలి. కింద ఒక దిక్కుకు, పైన మరో దిక్కుకు గాలి లాగుతుంటే ఆ వేడి పక్కకు కొట్టుకుపోతుంది, మేఘాల గుంపు కేంద్రం నుంచి జరిగిపోతుంది. అందుకే ఆ నెలల్లో ఎక్కువగా అల్పపీడనాలు, వాయుగుండాలే ఏర్పడతాయి. అవి సముద్రానికి ఉత్తర భాగంలో, తీరానికి దగ్గరగా పుట్టి త్వరగా నేల మీదికి వెళ్లడం కూడా మరో కారణం. ఈ ఎదురుగాలులు తగ్గే ఏప్రిల్ నుంచి జూన్ తొలి రోజుల దాకా, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుఫాను కాలం.

భూమధ్యరేఖ దగ్గర సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది కదా, అక్కడ ఎందుకు పుట్టవు?

గాలి సుడి తిరగడానికి భూమి భ్రమణం కారణం. ఆ ప్రభావం ధ్రువాల వద్ద ఎక్కువగా ఉండి, భూమధ్యరేఖ వద్ద శూన్యమవుతుంది. అక్కడ పీడనం తగ్గినా, చుట్టుపక్కల గాలి నేరుగా వచ్చి ఆ లోటును పూడ్చేస్తుంది, సుడి కట్టదు. సాధారణంగా భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపు తుఫానులు పుట్టవు. 2001 డిసెంబరులో సింగపూర్ సమీపంలో 1.5 డిగ్రీల అక్షాంశం దగ్గర వచ్చిన వామె అనే తుఫాను దీనికి బాగా తెలిసిన మినహాయింపు.

## బలపడే దశ

ఒక మేఘాల గుంపు అంత పెద్ద తుఫానుగా ఎలా మారుతుంది?

మొదట సముద్రం మీద ఉరుములతో కూడిన మేఘాల గుంపు ఒకటి ఉండాలి, దాని కింద గాలి కొద్దిగా సుడి తిరుగుతూ ఉండాలి. వెచ్చని నీరు ఒక్కటే ఖాళీ ఆకాశంలో తుఫానును పుట్టించలేదు. బంగాళాఖాతంలో ఈ తొలి అలజడి తరచుగా అండమాన్ సముద్రం వైపు మొదలవుతుంది. కొన్నిసార్లు పసిఫిక్ వైపు బలహీనపడిన వ్యవస్థల శేషం థాయిలాండ్ దాటి ఇటు వస్తుంది.

ఆ మేఘాల్లో ఆవిరి నీరవుతూ వేడిని వదిలినప్పుడు, మధ్య భాగంలో పైగాలి వెచ్చబడి తేలికవుతుంది. తేలికైన గాలి స్తంభం కింద ఉపరితల పీడనం తగ్గుతుంది. తగ్గిన పీడనం వైపు చుట్టుపక్కల గాలి పరుగెత్తి వస్తుంది, భూభ్రమణం వల్ల అది సుడి తిరుగుతుంది. గాలి వేగం పెరిగిన కొద్దీ సముద్రం నుంచి ఆవిరి ఇంకా ఎక్కువ లేస్తుంది, ఆ ఆవిరి మరింత వేడిని పైకి చేర్చుతుంది, పీడనం మరింత తగ్గుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోయే ఈ చక్రం ఒకసారి పట్టుకుంటే, ఒక్క రోజులోనే వాయుగుండం తుఫానుగా మారగలదు.

ఈ చక్రాన్ని తెంపేవి మూడు: పొడిగాలి లోపలికి చొరబడటం, పైగాలులు మేఘాలను పక్కకు లాగడం, కింద నీరు చల్లబడటం. వార్తల్లో తుఫాను బలహీనపడిందని చెప్పినప్పుడు, నేల తగలకముందే అలా జరిగితే ఈ మూడింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

ఆవిరిలో దాగిన వేడి అంటున్నారు, అది ఎంత ఉంటుందో లెక్క కట్టి చెప్పగలరా?

చెప్పవచ్చు. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 25 లక్షల జౌళ్ల శక్తి కావాలి, ఆ ఆవిరి తిరిగి నీరైనప్పుడు అంతే శక్తి గాలిలోకి వస్తుంది. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడిందనుకుందాం. ఆ వాన నీరు కోటి లీటర్లు, అంటే కోటి కిలోలు. ఆ నీరు పైన మేఘంలో తయారైనప్పుడు వదిలిన వేడి 25 లక్షల కోట్ల జౌళ్లు. మనకు తెలిసిన కరెంటు యూనిట్లలో చెప్పాలంటే ఒక యూనిట్ 36 లక్షల జౌళ్లు కనుక, ఇది దాదాపు 69 లక్షల యూనిట్లు.

ఇది ఒక చిన్న ఊరి పొలాల మీద పడిన ఒక్క సెంటీమీటరు వానకు లెక్క. తుఫాను వేల చదరపు కిలోమీటర్ల మీద పది, ఇరవై సెంటీమీటర్ల వాన కురిపిస్తుంది. అయితే ఇందులో అతి కొద్ది భాగమే, ఒక శాతం కంటే తక్కువే, గాలి వేగంగా మారుతుంది. మిగతాదంతా గాలిని పైకి ఎత్తడానికి ఖర్చవుతుంది, చివరికి పై ఆకాశంలోకి వెలువడిపోతుంది. ఆ చిన్న భాగమే కరెంటు స్తంభాలను పడగొట్టడానికి చాలుతుంది.

అరేబియా సముద్రం కంటే బంగాళాఖాతంలోనే తుఫానులు ఎక్కువ ఎందుకు?

రెండూ వెచ్చనివే అయినా, బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ వంటి నదులు వర్షాకాలమంతా మంచినీటిని తెచ్చి పోస్తాయి. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కనుక పైన ఒక పొరగా నిలుస్తుంది. ఆ పొర ఉన్నప్పుడు గాలి ఎంత చిలికినా లోపలి చల్లని నీరు తేలికగా పైకి రాదు, ఉపరితలం వెచ్చగానే ఉంటుంది. మన కృష్ణలో సాగర్, పులిచింతల మీదుగా దిగే వరద కూడా ఆ పొరలో ఒక చిన్న భాగమే. అరేబియా సముద్రంలో కలిసే నదులు తక్కువ, ఆవిరయ్యే నీరు ఎక్కువ, అరేబియా ఎడారి వైపు నుంచి వచ్చే పొడిగాలి కూడా తోడవుతుంది. అయినా ఇటీవలి దశాబ్దాల్లో అరేబియా సముద్రం వెచ్చబడుతూ, అక్కడ కూడా తీవ్రమైన తుఫానులు పెరిగినట్టు కనిపిస్తోంది.

## తీవ్రతను లెక్కించే దశ

అల్పపీడనం, వాయుగుండం, తుఫాను, వీటి మధ్య తేడా ఏమిటి?

ఇవి వేరు వేరు జాతులు కావు, ఒకే వ్యవస్థ ఎదిగే మెట్లు. భారత వాతావరణ శాఖ కేంద్రం చుట్టూ వీచే గాలి వేగాన్ని బట్టి ఈ మెట్లను నిర్ణయిస్తుంది. వేగం గంటకు కిలోమీటర్లలో:

- అల్పపీడనం: 31 లోపు
- వాయుగుండం: 31 నుంచి 49
- తీవ్ర వాయుగుండం: 50 నుంచి 61
- తుఫాను: 62 నుంచి 88
- తీవ్ర తుఫాను: 89 నుంచి 117
- అతి తీవ్ర తుఫాను: 118 నుంచి 166
- అత్యంత తీవ్ర తుఫాను: 167 నుంచి 221
- సూపర్ సైక్లోన్: 222, ఆపైన

తుఫాను మెట్టు చేరినప్పుడే, అంటే 62 కిలోమీటర్లు దాటినప్పుడే దానికి పేరు పెడతారు. పేరు లేనిది తుఫాను కాదు, కానీ పేరు లేనిది ప్రమాదం కాదని మాత్రం అనుకోకూడదు.

ఈ పట్టికను చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. గాలి చెట్టు మీద, ఇంటి మీద చూపే ఒత్తిడి వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 60 కిలోమీటర్ల గాలికి కొమ్మలు విరిగితే, 120 కిలోమీటర్ల గాలికి వేళ్లతో సహా చెట్లు కూలడానికి కారణం ఇదే.

ఒకే తుఫానుకు మన వాతావరణ శాఖ ఒక వేగం, ఇంటర్నెట్‌లో మరో వేగం చూపిస్తారు. ఏది నిజం?

రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే అవి వేరు వేరు సమయాల సగటులు. మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు వేగాన్ని తీసుకుంటుంది, అమెరికా సంస్థలు ఒక్క నిమిషం సగటును తీసుకుంటాయి. తక్కువ సేపటి సగటులో అంకె ఎప్పుడూ కొంచెం ఎక్కువగా వస్తుంది. అమెరికా వారు వాడే ఒకటి నుంచి ఐదు దాకా ఉండే కేటగిరీలు కూడా ఆ నిమిషం సగటు మీద ఆధారపడినవే. కనుక ఆ కేటగిరీని మన అతి తీవ్ర, అత్యంత తీవ్ర అనే మెట్లతో పోల్చడం సరికాదు.

ఇక గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 110 కిలోమీటర్లు అని బులెటిన్‌లో రాసినప్పుడు, మొదటి రెండు అంకెలు సగటు వేగం, చివరిది కొన్ని క్షణాల పాటు విసిరే గాలి. మెట్టును నిర్ణయించేది సగటు వేగమే.

సముద్రం మధ్యలో గాలి వేగాన్ని ఎవరు వెళ్లి కొలుస్తారు?

చాలాసార్లు ఎవరూ వెళ్లి కొలవరు. అమెరికా వారు తమ వైపు తుఫానుల లోపలికి విమానాలు పంపుతారు. హిందూ మహాసముద్రంలో అలాంటి ఏర్పాటు నిత్యం లేదు. సముద్రంలో తేలే కొన్ని పరికరాలు, దారిలో ఉన్న ఓడలు, తీరానికి చేరువయ్యాక మచిలీపట్నం, విశాఖపట్నం, చెన్నై వంటి చోట్ల ఉన్న రాడార్లు సాయపడతాయి. నడి సముద్రంలో ఉన్నప్పుడు ప్రధాన ఆధారం ఉపగ్రహ చిత్రమే.

ఆ చిత్రాన్ని వేగంగా మార్చే పద్ధతిని అమెరికాకు చెందిన వెర్నన్ డ్వొరాక్ 1970లలో రూపొందించారు. మేఘాల పట్టీ కేంద్రం చుట్టూ ఎంత మేర చుట్టుకుంది, నడిమధ్యలో మేఘాలు లేని కన్ను ఏర్పడిందా, ఏర్పడితే ఆ కన్ను ఎంత వెచ్చగా, దాని చుట్టూ ఉన్న మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉన్నాయి అనేవి చూసి, టి-సంఖ్య అనే ఒక అంకె ఇస్తారు. అది 1 నుంచి 8 దాకా అర అంకె చొప్పున పెరుగుతుంది. టి 2.5 వద్ద తుఫాను, 3.5 వద్ద తీవ్ర తుఫాను, 4 వద్ద అతి తీవ్ర, 5 వద్ద అత్యంత తీవ్ర తుఫాను, 6.5 వద్ద సూపర్ సైక్లోన్. వెచ్చని కన్ను, గడ్డకట్టిన మేఘపు గోడ మధ్య తేడా ఎంత ఎక్కువైతే తుఫాను అంత బలమైనది.

దీనికి పరిమితి ఉంది. చూసేవారు ఇద్దరుంటే అర అంకె తేడా రావడం సహజం, ఆ అర అంకె తీవ్ర తుఫానును అతి తీవ్రం చేయగలదు. అందువల్ల 115, 120 కిలోమీటర్ల మధ్య ఉన్న తుఫాను మెట్టు మారిందా లేదా అనే చర్చకు నా దృష్టిలో పెద్ద విలువ లేదు, అది ఎటు కదులుతోందన్నదే ముఖ్యం.

ఒక తుఫాను ఈ మెట్లన్నీ ఎక్కి దిగిన ఉదాహరణ ఉందా?

2020 మే నెలలో వచ్చిన అంఫాన్ దాదాపు అన్ని మెట్లనూ చూపించింది. మే 16 ఉదయం అది బంగాళాఖాతం ఆగ్నేయ భాగంలో వాయుగుండం. అదే సాయంత్రానికి తుఫానైంది. 17న తీవ్ర, ఆ వెంటనే అతి తీవ్ర తుఫానుగా, 18 తెల్లవారేసరికి అత్యంత తీవ్ర తుఫానుగా మారి, ఆ మధ్యాహ్నానికి సూపర్ సైక్లోన్ అయింది. రెండున్నర రోజుల్లో ఇంత ఎదగడానికి కారణం, అప్పుడు దాని కింద సముద్రం 30 నుంచి 31 డిగ్రీలు ఉండటం, పైగాలులు అడ్డుపడకపోవడం. 1999 అక్టోబరులో ఒడిశాను దెబ్బతీసిన సూపర్ సైక్లోన్ తరువాత బంగాళాఖాతంలో ఆ మెట్టు చేరినది ఇదే.

ఉత్తరానికి వెళ్లిన కొద్దీ పైగాలులు దాని మీద పట్టు బిగించాయి. 19న ఒక మెట్టు దిగింది, 20న సుందర్‌బన్స్ దగ్గర తీరం దాటేటప్పటికి అతి తీవ్ర తుఫానుగా, 155 నుంచి 165 కిలోమీటర్ల గాలితో ఉంది. రెండు మెట్లు దిగిన ఆ తుఫానే కోల్‌కతాలో వేల చెట్లను కూల్చింది. బలహీనపడిందన్న మాటకు అర్థం ముందున్న తన బలంతో పోలిస్తే అని మాత్రమే.

## తీరం దాటాక, మన వైపు

తీరం దాటగానే ఎందుకు బలహీనపడుతుంది?

కింద నీరు లేకపోవడమే ప్రధాన కారణం. ఆవిరి సరఫరా తెగిపోతే పైన వేడి బయటపడటం తగ్గుతుంది, కేంద్రంలో పీడనం మెల్లగా పెరుగుతుంది. చెట్లు, ఊర్లు, గుట్టలు గాలిని నెమ్మదింపజేయడం రెండో కారణం. తీరం దాటిన పది పన్నెండు గంటల్లో గాలి వేగం సగానికి పడిపోవడం సాధారణం. నల్లగొండ బాపట్ల తీరానికి 200 కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరంలో, మహబూబ్‌నగర్ 300 కిలోమీటర్లకు దగ్గరలో ఉన్నాయి. కనుక తీరంలో తీవ్ర తుఫానుగా ఉన్నది మన దగ్గరికి చేరేసరికి ఎక్కువసార్లు వాయుగుండంగానో, అల్పపీడనంగానో మారి ఉంటుంది.

తుఫాను కూడా కాదు, వాయుగుండమే అన్నారు, మరి అంత వరద ఎలా వచ్చింది?

మన ప్రాంతానికి ఇదే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. దీనికి 2020 అక్టోబరే జవాబు. ఆ నెల 13 ఉదయం కాకినాడ సమీపంలో తీరం దాటినది తీవ్ర వాయుగుండం మాత్రమే. తుఫాను మెట్టుకు చేరనందున దానికి పేరు కూడా లేదు. అది పడమటి దిశగా తెలంగాణ మీదుగా కదిలింది. హైదరాబాదు శివారులోని ఘట్‌కేసర్ వద్ద ఒక్క రోజులో దాదాపు 32 సెంటీమీటర్ల వాన పడింది. మూసీ పొంగి, ఆ నీరంతా భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట వైపు దిగింది.

ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. మెట్లు కొలిచేది గాలిని, వానను కాదు. నేల మీదికి వచ్చాక గాలి త్వరగా చచ్చిపోతుంది కానీ, సముద్రం మీద పోగైన తేమ పై పొరల్లో అలాగే ఉంటుంది. పైగా సుడికి తూర్పు, ఉత్తర భాగాల్లో వీచే గాలి ఇంకా బంగాళాఖాతం నుంచి కొత్త తేమను లాక్కొస్తూనే ఉంటుంది. ఆ తేమ అంతా ఒక చోట కురవాలా, విస్తారంగా పలచగా కురవాలా అన్నది వ్యవస్థ ఎంత వేగంగా కదులుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. వేగంగా దాటిపోయే తీవ్ర తుఫాను కంటే, నింపాదిగా కదిలే వాయుగుండం మన చెరువులకు ఎక్కువ ప్రమాదం.

అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లం ఏ లెక్క చూడాలి?

తీరం వాళ్లకు గాలి మెట్టు, అలల ఎత్తు ముఖ్యం. మనకు వాన మెట్టు ముఖ్యం. వాతావరణ శాఖ వానకు వేరే కొలత వాడుతుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల దాకా అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. బులెటిన్‌లో ఒకే వ్యవస్థకు వాయుగుండం అనే చిన్న మాట, అతి భారీ వర్షం అనే పెద్ద మాట పక్కపక్కనే ఉంటే, మన ప్రాంతంలో రెండో మాటనే పట్టించుకోవాలి.

2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర మొంథా తుఫాను తీవ్ర తుఫానుగా తీరం దాటింది. మరునాడు అది బలహీనపడుతూ లోపలికి వచ్చినప్పుడే నాగర్‌కర్నూలు, నల్లగొండ నుంచి వరంగల్ దాకా భారీ వానలు పడ్డాయి. తుఫాను దాటిపోయిందని వార్త వచ్చిన రోజే మన వైపు వాగులు పొంగాయి.

కనుక చూడవలసినవి మూడు. తీరం దాటే చోటు కంటే, దాటిన తరువాత అది పట్టే దారి ఏ జిల్లాల మీదుగా వెళుతుందన్నది మొదటిది. అది గంటకు ఎన్ని కిలోమీటర్లు కదులుతోందన్నది రెండోది, ఈ అంకె పది కంటే తక్కువగా ఉంటే వాన ఒకే చోట గంటల తరబడి నిలిచే అవకాశం ఎక్కువ. జిల్లా పేరుతో ఇచ్చే వాన హెచ్చరిక రంగు మూడోది. నారింజ లేదా ఎరుపు రంగు వచ్చినప్పుడు వ్యవస్థ వాయుగుండమైనా అల్పపీడనమైనా సరే, ఆరబోసిన వడ్లను ఆ రోజే ఎత్తి కప్పుకోవాలి, మత్తడి పారే చెరువుల కింది దారులను, లోలెవల్ కల్వర్టులను రాత్రిపూట దాటకూడదు.